ఎర్రమట్టి దిబ్బల దగ్గర మీరు తీసిన గ్రూప్ ఫొటో: ఆరుగురి పేర్ల కోసం

16 ఫిబ్రవరి 2026

భాస్కర్ గారికి,

నమస్కారం. జనవరి 18, ఆదివారం సాయంత్రం భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర మీరు మా ఫొటోలు తీశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1976–78లో ఎం.ఎస్సీ. జియాలజీ చదివినవాళ్లం మేము. ముందు వరుసలో మా గురువుగారి కుర్చీ పక్కన నెమలికంఠం రంగు చీరలో కూర్చున్నది నేను. "అమ్మా, చేతికర్ర కాస్త పక్కకు పెట్టండి" అని మీరు చెప్పింది నాకే.

ముందుగా మీకు కృతజ్ఞతలు చెప్పాలి. నాలుగు గంటలకే తీసేయమని మావాళ్లు తొందరపెడుతుంటే, ఎండ కాస్త వాలాలని మీరు ఆగారు. అందువల్లే వెనక దిబ్బల మీద వాన కోసిన గాడులన్నీ ఒక్కొక్కటిగా కనిపిస్తున్నాయి. నలభై ఎనిమిదేళ్ల కిందట మేము నోటుపుస్తకాల్లో పెన్సిలుతో గీసుకున్న గాడులు అవి. వాటిని ఇంత స్పష్టంగా చూపిన ఫొటో మా ఎవరి దగ్గరా లేదు.

ఇప్పుడు మీ నుంచి ఒక సాయం కావాలి. ఈ ఏడాది మా విశ్వవిద్యాలయానికి నూరేళ్లు నిండుతున్నాయి. ఆ సందర్భంగా మా బ్యాచ్ తరఫున చిన్న జ్ఞాపకాల పుస్తకం అచ్చు వేస్తున్నాం. అందులో మీ గ్రూప్ ఫొటోను రెండు పుటల నిండా వేసి, కింద అందరి పేర్లూ వరుసగా రాయాలని నా కోరిక. ఫొటోలో ముప్ఫై నాలుగు ముఖాలున్నాయి. కుర్చీల్లో తొమ్మిది మంది, వాళ్ల వెనక నిలబడినవారు పదమూడు మంది, దిబ్బ వాలు మీద పన్నెండు మంది. ఇరవై ఎనిమిది మంది పేర్లు రాయగలిగాను. ఆరుగురి దగ్గర ఆగిపోయాను.

ఫొటోను ఇంట్లో ప్రింటు తీసి, ఆ ఆరుగురి పక్కన ఎర్ర ఇంకుతో 1 నుంచి 6 వరకు అంకెలు వేసి, స్కాన్ చేసి ఈ ఉత్తరంతో జత చేశాను. నేను ఎడమ, కుడి అన్నప్పుడల్లా ఫొటో చూస్తున్నవారి ఎడమ, కుడి అని అర్థం. వరుసలు ముందు నుంచి లెక్కపెట్టాను.

ఒకటో అంకె వేసినది రెండో వరుసలో ఎడమ నుంచి రెండో వ్యక్తి. ముందున్న ఆయన భుజం అడ్డం రావడంతో నుదురు, కళ్లద్దాలు మాత్రమే కనిపిస్తున్నాయి. తెల్లజుట్టు. మా బ్యాచ్‌లో ఆ పోలికకు సరిపోయేవారు నలుగురున్నారు, అందులో ముగ్గురు ఫొటోలో వేరేచోట్ల దొరికారు. నాలుగో ఆయన ఫొటో సమయానికి బస్సులోనే కూర్చున్నానని చెబుతున్నారు.

రెండో అంకె అదే వరుసలో ఏడో స్థానంలో ఉన్న ఆవిడ. చేతిలో మడిచిన గొడుగు, పసుపు రంగు చీర, పచ్చ అంచు. చీర రంగును మాత్రం పూర్తిగా నమ్మలేకపోతున్నాను. ఆ మట్టి ఎరుపు అందరి బట్టల మీదా పడింది. మా గురువుగారు ఆరోజు వేసుకున్నది తెల్లని లాల్చీ అని నాకు బాగా తెలుసు, ఫొటోలో అది లేత గులాబీ రంగులో ఉంది. కాబట్టి ఆవిడది గంధం రంగు చీర కూడా కావచ్చు. మిత్రుల్లో ఎవరి భార్యో అనుకుని ఇద్దరిని అడిగితే, ఇద్దరూ కాదన్నారు. ఆవిడ పక్కన నిలబడి నవ్వుతూ మాట్లాడిన గుర్తు నాకుంది. పేరు అడగలేదు. ఇది నన్ను చాలా బాధపెడుతోంది.

మూడో అంకె, వెనక వరుసలో ఎడమ నుంచి నాలుగో ఆయన. టోపీ నీడలో ముఖం సగం చీకటిగా ఉంది. మా వాట్సాప్ గ్రూపులో అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్పారు. ముగ్గురూ గట్టిగానే చెప్పారు. నిజానికి ఆ రోజు ఉదయం హాలులో ఒకరినొకరం గుర్తుపట్టడానికే చాలాసేపు పట్టింది. ఇరవై రెండేళ్ల వయసులో విడిపోయినవాళ్లం డెబ్బైలో కలిశాం మరి.

నాలుగో అంకె, వెనక వరుసలో కుడి చివర ఉన్న పన్నెండేళ్ల అబ్బాయి. ఎవరి మనవడో అనుకున్నాను. కాదని తేలింది. దిబ్బల మొదట్లో టీ అమ్ముతున్న ఆయన వెంట ఒక అబ్బాయి ఉన్నాడు, వాడే అయి ఉండవచ్చు. మీరు "నువ్వు కూడా రారా, ఆ మూల ఖాళీగా ఉంది" అని పిలిచినట్టు లీలగా గుర్తు.

ఐదో అంకె మా బస్సు డ్రైవరు గారు. ఖాకీ చొక్కా, రెండో వరుస కుడి చివర. ఉదయం నుంచి రాత్రి వరకు మా అందరినీ చేయి పట్టుకుని బస్సు ఎక్కించి, దింపిన మనిషి. రోజంతా ఆయనను "డ్రైవరు గారూ" అనే పిలిచాం. బస్సు మాట్లాడిన మిత్రుడు వాళ్లకు ఫోను చేస్తే, ఆ రోజు వచ్చింది ఎవరో చూసి చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు. భోజనాల దగ్గర మీ సహాయకుడూ ఆయనా ఒకే ఊరివాళ్లమని మాట్లాడుకోవడం విన్నాను. మీ సహాయకుడికి ఆయన పేరు తెలిసి ఉంటుందని ఆశ.

ఆరో అంకె ఆ సహాయకుడే అనుకుంటున్నాను. ఎడమ అంచున, వెలుతురు కోసం పట్టుకున్న తెల్లని రిఫ్లెక్టరుతో సగం కనిపిస్తున్నారు. చాలామంది ఆ అంచును కత్తిరించి వేయమంటున్నారు. నాకు ఇష్టం లేదు. మీకు, ఆయనకు అభ్యంతరం లేకపోతే ఆయన పేరు కూడా రాయండి.

మిమ్మల్నే ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. వరుసలు సర్దింది మీరే. ఎత్తు చూసి ఒక్కొక్కరినీ ఎక్కడ నిలబడాలో చెప్పారు. ఆ తరువాత మీ సహాయకుడు పొడవాటి నోటుపుస్తకం పట్టుకుని, ఎవరికి ఏ సైజు ప్రింటు కావాలో ఒక చివర నుంచి అడుగుతూ పేర్లు రాసుకున్నారు. ఆ పుట ఇంకా మీ దగ్గర ఉంటే నా పని దాదాపు పూర్తయినట్టే. ఒక్క చిక్కు ఉంది. పేర్లు రాసుకున్నాక మీరు నాలుగైదు సార్లు తీశారు. మధ్యలో మా సీనియర్ ఒకాయన ఆలస్యంగా వస్తే ముందు వరుసలో కుర్చీలు జరిపాం, ఇద్దరు వెనక్కు వెళ్లారు. నా దగ్గరున్న ఫొటో ఆ మార్పుకు ముందుదో తరువాతదో తెలియడం లేదు. మీ కెమెరా ఫైళ్లలో తీసిన సమయం ఉంటుంది కాబట్టి వరుసగా చూస్తే మీకు తెలిసిపోతుంది. నాకు వచ్చిన ఫైలు పేరు IMG-20260119-WA0023.jpg.

అది వాట్సాప్‌లో వచ్చిన కాపీ. వెడల్పు 1600 పిక్సెళ్లే ఉంది. అందులో ఒక్కో ముఖానికి వచ్చేది చాలా తక్కువ, పెద్దది చేస్తే కళ్లూ ముక్కూ కలిసిపోతున్నాయి. పుస్తకంలో ఫొటో 24 సెంటీమీటర్ల వెడల్పున రావాలి. అంగుళానికి 300 చుక్కల లెక్కన కనీసం 2835 పిక్సెళ్లు కావాలని ప్రెస్సువారు చెప్పారు. కాబట్టి వీలైతే అసలు ఫైలును ఈమెయిలులోనో, డ్రైవ్ లింకుగానో పంపండి. వాట్సాప్‌లో పంపితే మళ్లీ చిన్నదైపోతుంది. అసలు ఫైలు వస్తే మూడో అంకె ఆయన విషయంలో ముగ్గురు మిత్రుల మధ్య తగువు కూడా తీరుతుంది.

పేర్ల కోసం ఇంతగా పట్టుబట్టడానికి కారణం నా దగ్గరున్న ఇంకో ఫొటో. 1977లో కిరండూల్ పాసింజరులో బొర్రాకు ఫీల్డు పనికి వెళ్లినప్పటిది. పద్నాలుగు మంది విద్యార్థులం, ఒక అధ్యాపకుడు, కుడి చివర భుజాన గోనెసంచితో ఒక పెద్దాయన. ఆ సంచిలో మేము కొట్టిన కొండరాళ్లన్నీ ఉండేవి. ఖోండలైటు అనే రాతిలో గార్నెట్ ఖనిజపు గింజలు ఎర్రగా మెరుస్తున్న చోటు మాకంటే ముందు ఆయనకే కనిపించేది, "ఇదిగో, ఇక్కడ కొట్టండి" అని చూపేవారు. మేమంతా ఆయనను తాతా అని పిలిచేవాళ్లం. ఫొటో వెనక "బొర్రా, 1977" అని నా చేతిరాతే ఉంది. పదిహేను మంది పేర్లు ఉన్నాయి. ఆయన పేరు లేదు. ఈ పుస్తకం మొదలుపెట్టాక ఎందరినో అడిగాను. తెలిసి ఉండగలిగినవాళ్లు ఇప్పుడు లేరు. ఆ ఫొటో కూడా పుస్తకంలో వేస్తున్నాం, ఆయన కింద ఏమి రాయాలో ఇప్పటికీ తోచడం లేదు. మీరు తీసిన ఫొటోకు ఆ పరిస్థితి రాకూడదు. అడగదగినవారు ఉన్నప్పుడే అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ నోటుపుస్తకంలో పేర్లతో పాటు ఫోను నంబర్లు కూడా ఉంటాయి. అవి నాకు పంపవద్దు. పేరు చాలు. ఎవరితోనైనా మాట్లాడవలసి వస్తే, దయచేసి మీరే వారికి ఫోను చేసి నా నంబరు ఇవ్వండి, అది మీ దగ్గర ఉంది. పేరు అచ్చు వేయడానికి వారికి సమ్మతమా అని అడిగాకే వేస్తాను. ఆ అబ్బాయి విషయంలో వాళ్ల నాన్నగారిని అడగాలి. వచ్చే ఆదివారం మా తమ్ముడితో కలిసి దిబ్బల దగ్గరకు వెళ్లి టీ ఆయనను నేనే కలుసుకుంటాను. అక్కడ వేరే అబ్బాయి కనిపిస్తే మళ్లీ మీకు రాస్తాను.

పాత ఫైళ్లు వెతికి తీయడం కూడా మీ పనే, దానికి అయ్యే ఖర్చు ఎంతో మొహమాటపడకుండా చెప్పండి. ఫొటో కింద మీ పేరు ఎలా వేయాలో, స్టూడియో పేరు కూడా కావాలో వద్దో రాయండి. పుస్తకం రాగానే మీకూ, మీ సహాయకుడికీ చెరొక ప్రతి పంపుతాను.

ప్రెస్సుకు మార్చి 10న ఇవ్వాలి. మార్చి మొదటి వారంలోగా మీ జవాబు అందితే సరిపోతుంది. పెళ్లిళ్ల రోజులు, మీకు తీరిక తక్కువని తెలుసు. ఆరుగురి పేర్లూ ఒకేసారి దొరకకపోయినా ఫరవాలేదు, తెలిసినంత వరకు పంపండి. ఈమెయిలు రాయడానికి వీలుకాకపోతే సాయంత్రం ఆరు తరువాత ఎప్పుడైనా ఫోను చేయండి, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకునే ఉంటాను.

మీ ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను.

నమస్కారాలతో,
సుభద్ర
విశాఖపట్నం

జత: అంకెలు వేసిన గ్రూప్ ఫొటో స్కాన్