క్వాలిటీ సూపర్‌వైజర్ ఉద్యోగం: రెజ్యూమేలకు మార్కులు వేసే పద్ధతి

మన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, నెల్లూరు. ఖాళీలు 2, వచ్చిన రెజ్యూమేలు 86. మార్కులు వేసేది ప్రొడక్షన్ మేనేజర్‌ గారు, క్వాలిటీ విభాగం నుంచి నేను.

ముందుగా ఆఫీసులో పేరు, ఫొటో, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, పెళ్లి వివరాలు కొట్టేసి ప్రతి కాగితానికీ ఒక నంబరు వేస్తారు. మనకు అందేది ఆ ప్రతే. ‘మావాడే, కాస్త చూడండి’ అని ఫోను వస్తే నంబరు మాత్రం అడగవద్దు.

ప్రతి అంశానికీ 0 నుంచి 4 వరకు మార్కులు. వెయిటేజీ మొత్తం 100.

ప్లాంటులో పనిచేసిన అనుభవం: 30. పేచీ వచ్చేది ఇక్కడే కాబట్టి వివరంగా రాస్తున్నాను. 0: ఏమీ లేదు. 1: వేరే ఆహార పరిశ్రమలో పని. 2: రొయ్యలు లేదా చేపల ప్లాంటులో ఏడాది లోపు. 3: ఏడాది నుంచి మూడేళ్లు, గ్రేడింగ్, పీలింగ్, ఫ్రీజింగ్‌లలో కనీసం రెండు చోట్ల తనిఖీ. 4: మూడేళ్లు దాటి, ఆ మూడు చోట్లా తనిఖీ. ఏళ్లు ఎక్కువైనా ఒకే చోట పనిచేస్తే 2 మాత్రమే. మధ్యలో ఖాళీ ఉంటే మార్కు తగ్గించవద్దు. చేసిన పనినే లెక్కించాలి.

హెచ్‌ఏసీసీపీ రికార్డులు: 25. శిక్షణ పత్రం మాత్రమే ఉంటే 1, రికార్డులు రాస్తే 2, వాటిని సరిచూస్తే 3, ఆడిట్‌లో చూపించి జవాబు చెబితే 4. ‘హెచ్‌ఏసీసీపీ తెలుసు’ అన్న ఒక్క ముక్కకు 0.

ల్యాబ్ పరీక్షలు: 20. కాలేజీ ప్రాక్టికల్స్‌కు 1. ఉద్యోగంలో సూక్ష్మజీవుల పరీక్షలు గానీ యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలు గానీ చేస్తే 3, రెండూ చేస్తే 4.

చదువు: 15. ఫిషరీస్ సైన్స్ డిగ్రీకి 4, మైక్రోబయాలజీ లేదా ఫుడ్ టెక్నాలజీకి 3, ఇతర సైన్స్ డిగ్రీకి 2. ముత్తుకూరు కాలేజీ అయినా మరెక్కడిదైనా ఒకటే.

షిఫ్టు నడిపించడం: 10. బాధ్యతగా నడిపితే 4, అప్పుడప్పుడు చూసుకుంటే 2.

షీటులో మొదటి వరుసలో వెయిటేజీలు, రెండో వరుస నుంచి మార్కులు, చివర ఈ సూత్రం:

```
=SUMPRODUCT(B2:F2,B$1:F$1)/4
```

17వ నంబరుకు 3, 2, 4, 3, 0 వేశామనుకోండి: 22.5 + 12.5 + 20 + 11.25 + 0 = 66.25.

మొదట ఐదు రెజ్యూమేలు విడివిడిగా దిద్ది పోల్చుకుందాం. ఏ అంశంలోనైనా తేడా 2 ఉంటే, పై వాక్యాన్నే సవరించి ఆ ఐదూ మళ్లీ దిద్దాలి. తర్వాత ఒక అంశాన్ని 86 మందికీ పూర్తిచేసి మరో అంశానికి వెళ్లాలి. మార్కు పక్కనే, ఏ వాక్యం చూసి వేశామో రాయాలి. ముచ్చటైన అచ్చుకు, రంగు గీతలకు మార్కులు లేవు.

ఇద్దరి సగటు 60 దాటితే ఇంటర్వ్యూ. 55 నుంచి 60 వరకు ఉన్నవి, మన మార్కులు చూపకుండా, ల్యాబ్ ఇన్‌ఛార్జి గారు దిద్దుతారు. మూడింటి సగటు 58 వస్తే పిలుస్తాం.