తెలుగు కంటెంట్ రైటర్ పోస్టు: రెండో అభ్యర్థి రెజ్యూమె, నమూనాలపై నా అభిప్రాయం

నమస్తే మేడమ్,

మీరు నిన్న పంపిన రెజ్యూమె, మూడు నమూనాలు ఇంటికెళ్లి తీరిగ్గా చదివాను. మారతహళ్లి సిగ్నల్ దగ్గర క్యాబ్‌లో చదవడం మొదలుపెట్టాను గానీ, అది సరైన చోటు కాదని రెండో పేజీకే తెలిసింది.

ముందు మాటగా: ఈ అమ్మాయిని పిలుద్దాం. కానీ రెజ్యూమెలో తను పైన పెట్టుకున్న కారణానికి కాదు.

మన ప్రకటనలో మూడు అడిగాం: పొదుపు, పీఎఫ్, ఇన్సూరెన్స్ మీద పట్టు, సెర్చ్‌కు తగ్గట్టు రాయడం, ఇతరుల కాపీ దిద్దడం. రెజ్యూమె మొదటి పేజీ అంతా సెర్చ్ గురించే. "ఇంప్రెషన్లు మూడు నెలల్లో 2,000 నుంచి 18,000కు పెంచాను" అని సెర్చ్ కన్సోల్ స్క్రీన్‌షాట్ కూడా జతచేసింది. అదే స్క్రీన్‌షాట్‌లో క్లిక్‌లు 110, సగటు స్థానం 24. అంటే పేజీ చాలామందికి ఎక్కడో అడుగున కనిపించింది, నూటికి ఒక్కరు కూడా తెరవలేదు. దాచకుండా పంపినందుకు మెచ్చుకోవాలి. అందులో ఏముందో తను చూసుకోలేదేమో అని మాత్రం అనుమానం. "కీవర్డ్ డెన్సిటీ 3 శాతం పాటిస్తాను" అనడం కూడా పాతకాలపు మాటే. పీఎఫ్ వ్యాసం మొదటి పేరాలో "పీఎఫ్ విత్‌డ్రా" ఏడుసార్లు ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది.

అయితే అదే వ్యాసంలో ఒక ఉపశీర్షిక కింద, మనవాళ్లు ఫోన్‌లో `pf ela withdraw cheyali` అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారని గుర్తించి, ఆ ప్రశ్నకు రెండు వాక్యాల్లో నేరుగా జవాబిచ్చింది. ఇది లెక్కల్లోంచి కాదు, మనుషుల్ని చూసి వచ్చిన తెలివి. మిగతాది మనం ఒక నెలలో నేర్పించగలం.

విషయజ్ఞానం ఒక్క తీరుగా లేదు. పీఎఫ్ వ్యాసంలో, పాత కంపెనీ ఖాతాను కొత్తదానికి బదిలీ చేసుకుంటే ఆ సర్వీసు కూడా పన్ను మినహాయింపుకు కావలసిన 5 ఏళ్లలో కలుస్తుందని స్పష్టంగా రాసింది. ఇక్కడ రెండేళ్లకో కంపెనీ మారే మన పాఠకులకు అసలు కావలసింది అదే. డిపాజిట్ ఇన్సూరెన్స్ వ్యాసంలో మాత్రం పెద్ద పొరపాటు దొర్లింది. "ఒక్కో బ్రాంచిలో 5 లక్షల వరకు భద్రం" అని ఉంది. 2020 ఫిబ్రవరి నుంచి ఆ పరిమితి 5 లక్షలన్నది నిజమే, కానీ అది ఒక బ్యాంకులో ఒక మనిషికి, అన్ని బ్రాంచీలూ, అసలూ వడ్డీ కలిపి. అది చదివి ఎవరి నాన్నగారో రిటైర్మెంట్ డబ్బు పది లక్షల్ని ఒకే బ్యాంకు రెండు బ్రాంచీల్లో పెడితే మనం ఏం చెబుతాం?

ఇక మూడో నమూనా. రెజ్యూమెలో చివరి పేజీ అడుగున ఒక్క లైనులో పెట్టింది: "ఫ్రీలాన్సర్ల కాపీ దిద్దాను." జతచేసింది దిద్దకముందు, దిద్దాక ఉన్న రెండు రూపాలు. ముందు ఇలా ఉంది:

"పాలసీ తీసుకోబడిన తేదీ నుండి 48 నెలల కాలవ్యవధి పూర్తి అయిన పిమ్మట మాత్రమే ముందస్తుగా ఉనికిలో ఉన్న వ్యాధులకు క్లెయిమ్ అనుమతించబడును."

దాన్ని ఇలా మార్చింది:

"పాలసీ తీసుకునేనాటికే షుగర్, బీపీ లాంటివి ఉంటే, వాటి చికిత్సకు క్లెయిమ్ కోసం గరిష్ఠంగా 36 నెలలు ఆగాల్సి రావచ్చు."

పక్కన ఒక గమనిక: "2024లో ఐఆర్‌డీఏఐ దీన్ని 48 నుంచి 36కు తగ్గించింది. మీ పాలసీ పత్రం పాతదా? ఒకసారి చూసి చెప్పండి." వాక్యాన్ని బాగుచేసింది, తప్పు పట్టుకుంది, రాసినవాణ్ని చిన్నబుచ్చలేదు. నేను డెస్క్‌లో కూర్చున్న ఇన్నేళ్లలో ఈ మూడూ ఒక్క గమనికలో చేసినవాళ్లు తక్కువ.

ఒక సందేహం మిగిలింది. పీఎఫ్, డిపాజిట్ వ్యాసాలు వెబ్‌లింకులుగా పంపింది. వాటిలో ఎంత తనది, ఎంత అక్కడి ఎడిటర్ది అన్నది బయటికి తెలియదు. తన మొదటి డ్రాఫ్టులు పంపమని అడుగుదాం. ఇవ్వలేనంటే ఆ రెండింటికీ సగం విలువే ఇస్తాను.

గురువారం ఆఫీసుకు పిలిస్తే గంట పరీక్ష పెడతాను. 400 పదాల బ్యాంకింగ్ కాపీ, అందులో నేను కావాలని పెట్టిన మూడు తప్పులు. ఒకటి ఆ బ్రాంచి లెక్కే. పరీక్షకు డబ్బులిద్దాం మేడమ్, పోయినసారి ఉచితంగా చేయించుకుని నాకే సిగ్గేసింది. రెండు తప్పులు పట్టుకున్నా నేను ఎంపికకు ఒప్పుకుంటాను. కాకపోతే రైటర్‌గా కాదు, కాపీ ఎడిటర్‌గా తీసుకుందామా అన్నది మీరు హెచ్ఆర్‌తో మాట్లాడాలి. జీతం మెట్టు మారుతుంది కదా.