శ్రేయస్సు స్కేలు: ఫ్యాక్టర్ నిర్మాణం, స్త్రీ పురుషుల మధ్య కొలత సమానత

స్త్రీల సగటు తక్కువా, పురుషులది తక్కువా అని చెప్పే ముందు, స్కేలు ఇద్దరినీ ఒకేలా కొలుస్తోందో లేదో తేలాలి. అందుకే శాంపిల్‌ను యాదృచ్ఛికంగా రెండు సగాలు చేసి, మొదటి సగంపై ఎక్స్‌ప్లోరేటరీ ఫ్యాక్టర్ అనాలిసిస్ నడిపాం. ఐగెన్ విలువ 1 దాటాలన్న పాత నియమం తరచు అవసరానికి మించి ఫ్యాక్టర్లు చూపిస్తుంది కాబట్టి ప్యారలల్ అనాలిసిస్‌నే నమ్ముకున్నాం. ఉల్లాసం, జీవితంలో అర్థం అనే రెండు ఫ్యాక్టర్లు వచ్చాయి, రెండో సగంలో కన్‌ఫర్మేటరీ మోడల్ కూడా వాటినే సమర్థించింది.

కాన్ఫిగరల్, మెట్రిక్ సమానత నిలిచాయి. చిక్కంతా స్కేలార్ దగ్గరే: ఇంటర్‌సెప్ట్‌లను సమానం చేయగానే సీఎఫ్ఐ తగ్గుదల 0.01 దాటింది. కారణం ఒక్క అంశం, ‘నా బాధను దగ్గరివాళ్లతో చెప్పుకోగలను’. ఉల్లాసం స్థాయి ఒకటే అయినా స్త్రీలు దీనికి ఎక్కువ స్కోరు ఇచ్చారు, అంటే ఈ తేడా శ్రేయస్సుది కాదు, బాధను బయటపెట్టే అలవాటుది అని మా అభిప్రాయం. ఆ ఇంటర్‌సెప్ట్‌ను మాత్రం విడిగా లెక్కిస్తే పాక్షిక స్కేలార్ సమానత దక్కింది. కాబట్టి లేటెంట్ సగటులనే పోల్చాం. అన్ని అంశాలూ కూడిన మొత్తం స్కోరుతో స్త్రీ పురుషులను దయచేసి పోల్చకండి.