పూర్వ విద్యార్థుల ఉపకార వేతన నిధి: మార్గదర్శకాలు

మన కాలేజీలో చదివి వెళ్లినవారి చందాలతో నడుస్తున్న నిధి ఇది. ఫీజు కట్టలేక ఎవరి చదువూ మధ్యలో ఆగకూడదన్నదే దీని ఉద్దేశం. ర్యాంకులకు బహుమతులు వేరే ఉన్నాయి, ఈ నిధి అందుకు కాదు.

అర్హత

డిగ్రీ మొదటి, రెండో సంవత్సరాల రెగ్యులర్ విద్యార్థులు దరఖాస్తు చేసుకోవచ్చు. కిందటి పరీక్షలో కనీసం 55 శాతం మార్కులు రావాలి. తల్లిదండ్రుల్లో ఒకరినైనా కోల్పోయినవారికి, దివ్యాంగులకు 50 శాతం చాలు. ఫీజు, హాస్టల్, పుస్తకాల ఖర్చు కలిపి కుటుంబ వార్షికాదాయంలో నాలుగో వంతు దాటితే ఆర్థిక అవసరం ఉన్నట్టే లెక్క.

ఆదాయ ధ్రువపత్రం ఏడాదిలోపు తీసుకున్నదై ఉండాలి. అందులోని అంకెకూ ఇంటి పరిస్థితికీ పొంతన లేకపోతే, అంటే సంపాదించే మనిషి ఈ మధ్యే ఉద్యోగం పోగొట్టుకున్నా, మంచాన పడినా, ఆ సంగతి తెల్లకాగితం మీద రాసి జతచేయండి. కమిటీ దాన్నీ చూస్తుంది. వేరే స్కాలర్‌షిప్ వస్తుంటే దాచకుండా చెప్పాలి. అది అనర్హత కాదు. రెండూ కలిపి ఖర్చును మించితే, మించినంత మేరకే తగ్గిస్తాం.

ఎంపిక

కమిటీలో ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు పూర్వ విద్యార్థులు, కాలేజీతో సంబంధం లేని ఒకరు ఉంటారు. మొదటి వడపోతలో వారికి దరఖాస్తుదారుల పేర్లు కనిపించవు, నంబర్లే కనిపిస్తాయి. మొత్తం 100 పాయింట్లలో ఆర్థిక అవసరానికి 50, మార్కులకు 30, ఇంటర్వ్యూకు 20. పాయింట్లు సమానమైతే అవసరం ఎక్కువున్నవారికే ఇస్తాం. ఇంటర్వ్యూ మాతృభాషలోనే ఇవ్వవచ్చు, టెన్షన్ అక్కర్లేదు. సభ్యుల బంధువులెవరైనా దరఖాస్తు చేస్తే, ఆ సభ్యుడు ఆ ఏడాది ఎంపిక మొత్తానికీ దూరంగా ఉండాలి. అభ్యంతరాలను జాబితా పెట్టిన 10 రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి.

చెల్లింపు

ఏడాదికి రెండు విడతలు. మొదటి విడతగా మంజూరైన మొత్తంలో 60 శాతం, ఫీజు గడువుకు 15 రోజుల ముందే చెల్లిస్తాం. గడువు దాటాక అందే డబ్బు విద్యార్థికి జరిమానా తప్పించదు కదా. ఫీజు భాగం నేరుగా కాలేజీకి, పుస్తకాలు, మెస్ భాగం విద్యార్థి సొంత ఖాతాకు వెళ్తాయి. మిగిలిన 40 శాతం, 75 శాతం హాజరు చూపి మార్కుల మెమో ఇచ్చిన 10 పనిదినాల్లో అందుతుంది. మెమో రావడంలో కాలేజీయే ఆలస్యం చేస్తే విడత ఆపం.

బ్యాంకు పాస్‌బుక్‌లోనూ సర్టిఫికెట్‌లోనూ పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉంటే చెల్లింపు తిరిగి వచ్చే ప్రమాదముంది.

రెన్యువల్

ఏటా కొత్త దరఖాస్తు అక్కర్లేదు. ఫలితాలొచ్చిన 30 రోజుల్లోగా మెమో, హాజరు పత్రం, కొత్త ఆదాయ ధ్రువపత్రం ఇస్తే చాలు. ఒక సబ్జెక్టు పోయినంత మాత్రాన స్కాలర్‌షిప్ ఆగదు. రెండు లేదా అంతకు మించి పోతే తర్వాతి సెమిస్టర్‌కు సగమే ఇస్తాం. అవి పాసయ్యాక మళ్లీ పూర్తిగా ఇస్తాం. అనారోగ్యం, ప్రసవం వంటి కారణాలతో చదువు ఆపితే ఏడాది వరకు స్థానం అలాగే ఉంచుతాం. చదువు మానేసినవారి నుంచి ఇచ్చిన డబ్బు వసూలు చేయం. తప్పుడు పత్రాలు పెట్టినవారు మాత్రం తీసుకున్నదంతా తిరిగి కట్టాలి.