పదోన్నతి తర్వాత రావలసిన వేతన బకాయిల గురించి అభ్యర్థన

తేదీ: 10-11-2025

మానవ వనరుల విభాగం మేనేజరు గారికి,

విషయం: 01-04-2025 నుంచి 30-09-2025 వరకు ఆరు నెలల వేతన వ్యత్యాసం చెల్లింపు

అయ్యా,

నన్ను స్టోర్స్ అసిస్టెంట్ నుంచి స్టోర్స్ సూపర్‌వైజర్‌గా పదోన్నతి చేస్తూ 22-09-2025న ఉత్తర్వు ఇచ్చారు. అందుకు కృతజ్ఞుడిని. పదోన్నతి, పెరిగిన జీతం రెండూ 01-04-2025 నుంచి అమలవుతాయని ఆ ఉత్తర్వు రెండో పేరాలోనే స్పష్టంగా ఉంది. కొత్త జీతం మాత్రం అక్టోబరు నుంచే అందింది. అక్టోబరు పే స్లిప్‌లో హోదా మారింది, బేసిక్ మారింది, 'ఎరియర్స్' అన్న వరుసలో మాత్రం సున్నా ఉంది.

పేరోల్ సెక్షన్‌లో అడిగితే, సిస్టమ్‌లో నా పదోన్నతి తేదీ 01-10-2025 అని నమోదైందని చూపించారు. ఉత్తర్వు చేతికి అందాక వచ్చిన మొదటి నెలను వేసినట్టున్నారు. కానీ లెక్కకు ఆధారం ఉత్తర్వులో ఉన్న అమలు తేదీయే కావాలని నా మనవి. పాత సూపర్‌వైజర్ గారు మార్చి 31న రిటైరయ్యారు. మర్నాడు ఉదయం నుంచే స్టోర్ తాళాలు నా దగ్గర ఉన్నాయి, స్టాక్ రిజిస్టర్‌లో సూపర్‌వైజర్ గడిలో సంతకం నాదే.

బేసిక్ 20,000 నుంచి 24,000 అయింది. అందులో 40 శాతంగా ఉన్న ఇంటి అద్దె అలవెన్సు 8,000 నుంచి 9,600కు, స్పెషల్ అలవెన్సు 6,000 నుంచి 6,900కు పెరిగాయి. అంటే మొత్తం జీతం 34,000 నుంచి 40,500 రూపాయలు. నెలకు తేడా 6,500.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు 6 నెలలకు: 6,500 × 6 = 39,000
ఆగస్టులో 2 రోజులు జీతం లేని సెలవు: 6,500 × 2 ÷ 31 = 419
రావలసింది: 38,581 రూపాయలు

ఆ రెండు రోజులూ నేనే తగ్గించాను, మళ్లీ సరిచూసుకునే పని ఉండకూడదని. ఇది పీఎఫ్, పన్ను కోతలకు ముందు మొత్తం. పెరిగిన బేసిక్ మీద ఈ ఆరు నెలలకు పీఎఫ్ జమ కూడా, నా వాటాతో పాటు సంస్థ వాటా, సరిచేయించగలరు.

ఆరు నెలల తేడా మా ఇంటికి చిన్న మొత్తం కాదు. దయచేసి సిస్టమ్‌లో అమలు తేదీని 01-04-2025గా మార్పించి, బకాయిని నవంబరు జీతంతో కలిపి ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. నా లెక్కలో ఎక్కడైనా తేడా కనిపిస్తే, ఏ నెలలో ఎంత అన్నది రాతపూర్వకంగా తెలియజేస్తే సరిచూసుకుంటాను.

జతపరిచినవి: పదోన్నతి ఉత్తర్వు నకలు, మార్చి నుంచి అక్టోబరు వరకు 8 పే స్లిప్‌లు, ఆగస్టు హాజరు వివరం.

ఇట్లు,
మీ విధేయుడు,
(సంతకం)
స్టోర్స్ సూపర్‌వైజర్
ఉద్యోగి సంఖ్య: 2147