సద్దుల బతుకమ్మకు అలంకరణ పని: కొటేషన్ కోసం వివరాలు

తేది: 29 ఆగస్టు 2026
హనుమకొండ

డెకరేషన్ యజమాని గారికి,

నమస్కారం. మొన్న ఫోనులో మాట్లాడుకున్నట్టు, వడ్డేపల్లి రోడ్డులోని మా సొసైటీలో జరిగే సద్దుల బతుకమ్మ పని వివరాలు రాసి పంపుతున్నాను. మాది రెండు బ్లాకులు, 96 ఫ్లాట్లు. వీటన్నిటినీ చూసుకుని కొటేషన్ ఇవ్వండి. ఫోనులో ఒప్పుకున్నవి, స్థలంలో నిలబడి తల ఊపినవి లెక్కలోకి రావు. ఒప్పందమైతే ఈ కాగితం, మీ కొటేషన్ కలిపి ఇద్దరం సంతకం చేద్దాం.

తేదీ సంగతి ముందు చెప్పాలి. అమావాస్య నాటి ఎంగిలిపూల నుంచి లెక్కిస్తే తొమ్మిదో రోజు అక్టోబరు 18, ఆదివారం. మేము ఆ రోజే అనుకుంటున్నాం. సద్దులు ఏ రోజన్న దానిపై ఒక్కో ఏడాది పండితుల్లోనే రెండు మాటలు వస్తాయని మీకూ తెలుసు. అందుకని 19, సోమవారం కూడా మా కోసం ఖాళీగా ఉంచుకోగలరా లేదా కొటేషన్‌లోనే రాయండి. అక్టోబరు 8వ తేదీ సాయంత్రంలోగా ఏ రోజో ఖాయంగా చెప్తాం. ఈ ఒక్క రోజు మార్పును రద్దుగా చూడకూడదు, దానికి అదనపు డబ్బు అడగకూడదు. 19 కుదరదంటే ఇప్పుడే చెప్పండి, నొచ్చుకోము.

కార్యక్రమం సాయంత్రం 5 నుంచి రాత్రి 9.30 వరకు. పని అంతా 4 గంటలకు పూర్తయి ఉండాలి.

పని ఎలా ఉండాలంటే

మీరు పంపిన ఫోటోలు చూశాం. పెళ్లి మండపాలు బాగున్నాయి, మాకు కావలసింది మాత్రం అది కాదు. బతుకమ్మకు స్టేజి ముఖ్యం కాదు, ఆడే నేల ముఖ్యం. రెండు బ్లాకుల మధ్య సుమారు 70 అడుగుల పొడవు, 55 అడుగుల వెడల్పున ఖాళీ స్థలం ఉంది. దాని నడుమ అడుగు ఎత్తున, పన్నెండు అడుగుల చతురస్రంగా గట్టి పీఠం వేయండి. అరవై దాకా బతుకమ్మలు వస్తాయి. పెద్దవి నాలుగైదు ఉంటాయి, ఒక్కొక్కటి ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు. పీఠం ఊగకూడదు. పైన తెల్ల గుడ్డ పరిచి అంచు చుట్టూ బంతిపూలు కడితే చాలు. మధ్యలో పసుపు గౌరమ్మను మా వాళ్లే పెడతారు.

పీఠం చుట్టూ కనీసం 20 అడుగుల వరకు ఒక్క గుంజ కూడా ఉండకూడదు. టెంటు గుంజలన్నీ అంచులకే పోవాలి. ఆడే చోట కార్పెట్ వద్దే వద్దు. గత ఏడాది వేరే వారు ఎర్ర కార్పెట్ పరిచారు. వరుస తిరుగుతుంటే దాని అంచు లేచి ఇద్దరు పెద్దవాళ్ల కాలి మట్టెలకు పట్టుకుంది. నేల ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు వేసే పని మాది. కార్పెట్ కావాలంటే కుర్చీల వైపు వేసుకోండి.

వెలుతురు కూడా అంతే. ఫోకస్ లైట్లు నేల మీద పెట్టి కళ్లలోకి కొట్టించకండి. పై నుంచి, నాలుగు మూలల నుంచి, పసుపు ఛాయ వెలుగు పీఠం మీద, వరుస మీద పడాలి. రంగులు మారే లైట్లు ఆడే చోట వద్దు. తంగేడు పసుపు, గునుగు తెలుపు నీలంగానో గులాబీగానో కనబడితే అంత కష్టపడి పేర్చిన వాళ్లకు కడుపు మండుతుంది. రెండు బ్లాకుల ముందు గోడలకు పై అంతస్తు నుంచి సీరియల్ లైట్లు వేలాడదీయండి. రంగు వేసి ఏడాది కాలేదు, మేకులు కొట్టవద్దు.

స్టేజి చిన్నది చాలు: 16 అడుగులు, 8 అడుగులు, రెండడుగుల ఎత్తు. దాని మీద పాట ఎత్తుకునే నలుగురు, బహుమతులిచ్చే ఇద్దరు నిలబడతారు. వెనక గుడ్డ ఒకే రంగులో ఉండాలి, ముఖాల ఫ్లెక్సీ వద్దు. కుర్చీలు 150, కవర్లు అవసరం లేదు. పెద్దవాళ్ల కోసం చేతులున్న కుర్చీలు 20 విడిగా కావాలి. సద్దులు పంచుకోవడానికి బల్లలు ఆరు, గుడ్డలతో. పెరుగన్నం, పులిహోర, నువ్వుల సద్ది, మలీద అన్నీ ఇళ్ల నుంచే వస్తాయి, వంట ఏర్పాటు మీది కాదు.

గేటు దగ్గర కాకతీయ కళాతోరణం కావాలని పిల్లలు పట్టుబట్టారు. చేస్తే సరిగ్గా చేయండి. ఓరుగల్లు కోటలో అసలుది నిలబడి ఉన్న ఊరు ఇది. రెండు స్తంభాల మీద అడ్డచెక్క పెట్టి తోరణమంటే ఎవరూ ఒప్పుకోరు. ప్లైవుడ్డుతో గాని గుడ్డ కట్టిన ఫ్రేముతో గాని చేయండి, థర్మకోల్ వద్దు. అలంకరణకు థర్మకోల్ వాడకంపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. తోరణం, గేటు లైట్లు దసరా రాత్రి, అంటే 20వ తేదీ దాకా ఉంటాయి. జమ్మి పెట్టుకోవడానికి వచ్చేవాళ్లూ చూస్తారు.

పూలు: చేతికందే ఎత్తులో ఉన్నవన్నీ అసలు పూలే కావాలి. తల ఎత్తి చూసే చోట ప్లాస్టిక్ దండలు కట్టినా పట్టించుకోము. బంతి 60 కిలోలు, చామంతి 15 కిలోలు, మామిడాకుల తోరణాలు గేటుకూ రెండు లిఫ్టు ద్వారాలకూ. అదే రోజు మధ్యాహ్నం కట్టండి, ముందు రాత్రి కట్టినవి సాయంత్రానికి వాడిపోతాయి. తంగేడు, గునుగు మీరు తేవద్దు. అవి ఆడవాళ్లు కలిసి ఏరి తెచ్చుకునేవి, డెకరేషన్‌లో వాడితే బాగుండదు.

మైకు: రెండు పెద్ద బాక్సులు, రెండు కార్డ్‌లెస్ మైకులు, ఒక తీగ మైకు, మిక్సర్ దగ్గర మనిషి. డీజే వద్దు, పాట నోటితోనే. రాత్రి 10 తర్వాత మైకు నడపడానికి చట్టం ఒప్పుకోదు, కాబట్టి 9.30కే కట్టేద్దాం.

కరెంటు: కామన్ మీటరు మీద మీ లోడు వేయవద్దు. 15 కేవీఏ జనరేటర్, డీజిలుతో సహా, ఐదు గంటలకు. పొగ గొట్టం ‘ఏ’ బ్లాకు వైపు తిరగకూడదు, అక్కడ కింది అంతస్తులో ఆక్సిజన్ మీద ఉన్న పెద్దాయన ఉన్నారు. నీళ్లు చల్లిన నేల, చెప్పులు లేని కాళ్లు, కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ లేకుండా ఒక్క వైరు కూడా లాగకండి. అతుకులు నేల మీద ఉండకూడదు. ఎలక్ట్రీషియన్ కార్యక్రమం అయ్యేదాకా అక్కడే ఉండాలి.

దూరం వెళ్లలేని వాళ్లకు బతుకమ్మను వదలడానికి బీ బ్లాకు పక్కన పది అడుగుల నీళ్ల తొట్టి, లోతు రెండడుగులకు మించకుండా, చుట్టూ కట్టడితో ఏర్పాటు చేయండి. మిగతా వాళ్లం పద్మాక్షి గుట్టకు వెళ్తాం, ఆ వాహనాల బాధ్యత మాదే.

కొటేషన్ ఎలా ఇవ్వాలంటే

మొత్తం ఒక్క అంకె రాసి ఇస్తే చదవము. టెంటు-స్టేజి-పీఠం, లైట్లు-జనరేటర్, మైకు, పూలు, తోరణం, తొట్టి, కుర్చీలు-బల్లలు: ఒక్కోదానికి ఒక్కో ధర. కూలీలు, లారీ కిరాయి, డీజిలు, రాత్రి కాపలా, విప్పి తీసుకెళ్లడం, చెత్త ఎత్తడం అన్నీ ఆ ధరల్లోనే ఉండాలి. ‘కూలీలకు భోజనం ఖర్చు’ అని చివరి రోజు కొత్త వరుస రాకూడదు. పండుగ ముందు పూల ధర ఎగబాకుతుందని తెలుసు. ఆ తేడా ముందే వేసుకుని ధర చెప్పండి, తర్వాత పెంచవద్దు. జీఎస్టీ నంబరు ఉంటే 18 శాతం విడిగా చూపండి, లేకపోతే లేదని రాయండి. మా హద్దు జీఎస్టీతో కలిపి 1,40,000 రూపాయలు. దాటితే ఏది తగ్గించవచ్చో మీరే సూచించండి. మా దృష్టిలో మొదట పోవలసింది గోడల సీరియల్ లైట్లు, చివరిదాకా ఉండవలసింది పీఠం మీది వెలుతురు.

సెప్టెంబరు 6వ తేదీ, ఆదివారం ఉదయం 10 గంటలకు వచ్చి స్థలం కొలుచుకోండి. కొటేషన్ 9వ తేదీ బుధవారానికి రావాలి. 14న చవితి, ఆ పనుల్లో పడితే మీరు దొరకరు. కమిటీ 12న కూర్చుని తేలుస్తుంది.

డబ్బు

సగం అడ్వాన్సు మీ ఆనవాయితీ అని అన్నారు. సగం ఇస్తాం, ఒకేసారి కాదు. సంతకం రోజు 30 శాతం. కార్యక్రమానికి రెండు రోజుల ముందు, పూల ఆర్డరు ఇచ్చేటప్పుడు 20. ఆ రోజు 4 గంటలకు పని చూసుకుని 30. మిగతా 20 అన్నీ విప్పి తీసుకెళ్లిన మూడు రోజుల్లో. అన్నీ సొసైటీ ఖాతా నుంచి బ్యాంకు ద్వారానే, రసీదు తప్పనిసరి. పని విలువ 30,000 దాటుతుంది కాబట్టి టీడీఎస్ పట్టుకోవాలి: మీది సొంత వ్యాపారమైతే 1 శాతం, భాగస్వామ్య సంస్థ లేదా కంపెనీ అయితే 2. జీఎస్టీ మీద పట్టుకోము. ఉదాహరణకు సొంత వ్యాపారంలో లక్ష పనికి 18,000 జీఎస్టీ కలిపి, 1,000 పట్టుకుని 1,17,000 ఇస్తాం. పట్టుకున్నది మీ పాన్ పేరు మీద జమ అవుతుంది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది, కొటేషన్‌తోనే ఇవ్వండి.

4 గంటలకు పని కాకపోతే ప్రతి గంటకూ మొత్తంలో 5 శాతం తగ్గిస్తాం. రాసిన వస్తువు తేకపోతే దాని ధర పూర్తిగా తీసేస్తాం.

రద్దయితే

మేము సెప్టెంబరు 30లోగా వద్దంటే 2,000 పట్టుకుని మిగతా అడ్వాన్సు తిరిగివ్వండి. అక్టోబరు 1 నుంచి 10 దాకా అయితే మొదటి అడ్వాన్సులో సగం మీది. ఆ తర్వాత అయితే అది మొత్తం మీదే. పూలు కొన్నాక ఆగితే వాటి బిల్లు కూడా చూపించి తీసుకోండి.

మీరే రాలేమంటే, ఎప్పుడైనా సరే, తీసుకున్నదంతా మూడు రోజుల్లో తిరిగివ్వాలి. అక్టోబరు 1 తర్వాత అయితే ఒప్పంద మొత్తంలో 15 శాతం అదనంగా ఇవ్వాలి. పండుగ ముందు ఇంకొకరిని వెతుక్కోవడం ఎంత కష్టమో మీకే బాగా తెలుసు. పనిని వేరే వారికి అప్పగించాలంటే మమ్మల్ని అడగకుండా చేయవద్దు.

వాన వస్తే రద్దు కాదు. పీఠం, లైట్లు, మైకు బీ బ్లాకు కింద పార్కింగులోకి మారతాయి, కార్లు మేము తీయిస్తాం. ఉదయం 11లోగా చెప్తే మార్చడానికి అదనపు ధర ఉండకూడదు. ఆ తర్వాత అయితే కూలీలకు 3,000 ఇస్తాం. గాలి ఎక్కువైతే టెంటు దించే నిర్ణయం మీది, అందులో మా మాట వినవద్దు.

చెప్పకూడనిదే అయినా రాయాలి. ఆ రోజుల్లో సొసైటీలో ఎవరైనా కాలం చేస్తే పాట ఉండదు. అది మేము వద్దన్నట్టు కాదు. అప్పటిదాకా కొన్న పూలకూ, చేసిన కూలికీ బిల్లుల మీద ఇస్తాం. లైట్లు, టెంటు, కుర్చీల కిరాయి మాత్రం అడగవద్దు, అడ్వాన్సులో మిగిలింది తిరిగివ్వండి.

సామాను 17 రాత్రి 9 లోపు దింపుకోండి, లారీ వెనక గేటు నుంచే రావాలి. టెంటు గుంజలు 19 ఉదయం 9కి తీసేయాలి. కార్యక్రమం 19కి మారితే ఈ రెండూ 18 రాత్రికి, 20 ఉదయానికి మారతాయి. వాడిన పూలు విడిగా కుప్ప పోయండి, తోటమాలి ఎరువు గుంతలో వేస్తాడు.

ఇట్లు
ఉత్సవ కమిటీ కార్యదర్శి