కథల సంపుటి ప్రచురణ బడ్జెట్: డెమీ సైజు, 160 పేజీలు, 500 కాపీలు

సభ్య మిత్రులకు,

ములుగు రచయిత్రి కథల పుస్తకానికి కొటేషన్లు అందాయి. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్ నాటికి కాపీలు చేతికి రావాలి కాబట్టి లెక్క ఇప్పుడే ఖాయం చేసుకుందాం.

అచ్చుకు ముందు:
ఎడిటింగ్ 8,000
డీటీపీ, పేజీకి 25 చొప్పున 4,000
ప్రూఫ్, రెండు విడతలు 2,400
ముఖచిత్రం, డిజైన్ 4,000

ప్రూఫ్ డబ్బుల్లో కోత వద్దు. రచయిత్రి యూనికోడ్‌లో టైపు చేశారు, డీటీపీలో అను ఫాంట్లకు మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి. ‘శాస్త్రం’ లాంటి మాటల దగ్గర ప్రతి పేజీ కళ్లతో చూడాల్సిందే. పైగా ‘పొద్దుమీకి’, ‘అంబటాళ్ల’ లాంటి మాటలను తప్పులనుకొని దిద్దేసేవాళ్లున్నారు. అందుకే రెండో ప్రూఫ్ మన ప్రాంతం మనిషే చూడాలి.

ప్రెస్ ఖర్చు:
70 జీఎస్‌ఎం మ్యాప్‌లిథో, వేస్టేజీతో 11 రీములు 9,350
ప్లేట్లు, ప్రింటింగ్, 10 ఫారాలు 9,000
300 జీఎస్‌ఎం కవర్, మ్యాట్ లామినేషన్ 5,500
కుట్టు బైండింగ్, కాపీకి 18 చొప్పున 9,000
హైదరాబాద్ నుంచి హనుమకొండకు రవాణా 1,150

ఆవిష్కరణకు 4,000, ప్యాకింగ్, కొరియర్‌కు 3,600. ఐఎస్‌బీఎన్‌కు ఫీజు లేదు. మొత్తం 60,000 రూపాయలు, అంటే కాపీకి 120.

వెయ్యి కాపీలు వేస్తే అదనంగా 22,000తో సరిపోతుందని, కాపీ 82కే పడుతుందని ప్రెస్సువాళ్లు అంటున్నారు. వినడానికి బాగానే ఉంది కానీ, అమ్ముడుపోని కట్టలు ఎవరింట్లో పెడతాం? చెదలు పడితే అంతే. 500 దాటొద్దు. అయిపోతే మళ్లీ వేద్దాం, ఫైళ్లు మన దగ్గరే ఉంటాయి.

ధర 180. రచయిత్రికి 40 కాపీలు, సమీక్షలకు, గ్రంథాలయాలకు 30 పోగా అమ్మకానికి 430 మిగులుతాయి. మొదటి ఏడాది అంచనా:
ఆవిష్కరణ సభలో 90, 150 చొప్పున 13,500
ఫోన్ ఆర్డర్లు 120, పూర్తి ధరకు 21,600
షాపుల్లో 100, 40 శాతం కమీషన్ పోను 10,800
బుక్ ఫెయిర్‌లో 70, 25 శాతం పోను 9,450

వచ్చేది 55,350. లోటు 4,650. మిగిలిన 50 కాపీలు మరుసటి ఏడాది 150 చొప్పున పోయినా లోటు పూడి 2,850 మిగులుతుంది. అమ్మకం 250 దగ్గరే ఆగితే మాత్రం సుమారు 23,000 చేతి నుంచి పడుతుంది. షాపుల డబ్బు నెలల తరబడి రాదు కాబట్టి ఫోన్ ఆర్డర్ల మీదే గట్టిగా పని చేయాలి. సభ హనుమకొండలోని రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయంలో పెడితే కొనే పాఠకులు వస్తారు.

రచయిత్రి దగ్గర పైసా తీసుకోవద్దని నా గట్టి అభిప్రాయం. కథలు నచ్చి వేస్తున్నాం, ఖర్చు మనదే. ఐదుగురం తలా 12,000 వేసుకుందాం. పేపర్ రేటు పదిహేను రోజులే నిలుస్తుందన్నారు, వచ్చే ఆదివారంలోగా మీ వంతు పంపండి.